నాలుగో బీట్ తర్వాతి కార్డ్‌ది

ప్రశ్న: ఎఫ్ బ్లూస్ 12 బార్లకు వాకింగ్ బేస్ వాయిస్తున్నాను. ప్రతి కార్డ్‌లో రూట్, థర్డ్, ఫిఫ్త్, సెవెంత్ తెలుసు, తప్పు నోట్లు పడట్లేదు. అయినా ఆర్పెజియో ఎక్సర్‌సైజ్‌లా ఉంది, బార్ బార్‌కీ తెగిపోతోంది. అప్రోచ్ నోట్స్ వాడమంటున్నారు. ఎక్కడ వాడాలి, ఏవి వాడాలి?

జవాబు:

తెగడం వినిపించేది ఒకటో బీట్ దగ్గరే, కానీ దాని కారణం అంతకు ముందున్న నాలుగో బీట్‌లో ఉంది. మొదటి రెండు బార్లే చూడండి. ఎఫ్7 మీద ఎఫ్, ‘ఏ’, సీ, ఈ-ఫ్లాట్ అని మెట్లెక్కి, వెంటనే బీ-ఫ్లాట్7 రాగానే కింద ఉన్న బీ-ఫ్లాట్ మీదికి దిగుతారు. ఆ రెండు నోట్ల మధ్య ఐదు ఫ్రెట్ల దూరం. నాలుగు నోట్లూ ఎఫ్7వే, ఒక్కటీ తప్పు కాదు. కానీ తర్వాత బీ-ఫ్లాట్ రాబోతోందని ఆ నాలుగిట్లో ఏదీ చెప్పలేదు. ఇప్పుడు చివరి నోటు ఒక్కటే మార్చి ఎఫ్, ‘ఏ’, సీ, బీ నాచురల్ అని వాయించి బీ-ఫ్లాట్ మీద దిగండి. ఆ బీ నాచురల్ ఎఫ్7లోనూ లేదు, బీ-ఫ్లాట్7లోనూ లేదు. అయినా చెవికి అది తప్పనిపించదు, ఎందుకంటే అది ఒక్క ఫ్రెట్ కిందికి జారి చోటు చేరుకుంది. ఆ చేరుకోవడమే మీ లైన్‌లో లేనిది.

కాబట్టి ఒక బార్‌ని ఎడమ నుంచి కుడికి నింపుకుంటూ పోకండి. ముందు తర్వాతి బార్ ఒకటో బీట్‌లో ఏ నోటు మీద దిగుతారో తేల్చుకోండి. దాన్నే టార్గెట్ అందాం. తర్వాత దాని పక్కన నిలబడే నోటు, అంటే అప్రోచ్ నోటు, నాలుగో బీట్‌లో పెట్టండి. మిగిలిన రెండు, మూడు బీట్లు ఈ బార్ రూట్ నుంచి ఆ నాలుగో నోటు దాకా వెళ్లే దారి మాత్రమే, వాటిని కార్డ్ టోన్స్‌తో నింపితే చాలు. అంటే ఒకటో బీట్ ఇప్పటి కార్డ్‌ది, నాలుగోది రాబోయే కార్డ్‌ది. ఈ లెక్క తిరగబడితే ఎన్ని అప్రోచ్ నోట్లు నేర్చుకున్నా అతుకులు కనిపిస్తూనే ఉంటాయి.

దీన్ని చేతికి అలవాటు చేయడానికి మొదటి రెండు మూడు రోజులు పూర్తి లైన్ వాయించకండి. 12 బార్లలోనూ ఒకటో బీట్‌లో రూట్, నాలుగో బీట్‌లో అప్రోచ్ నోటు, మధ్యలో రెండు బీట్లు నిశ్శబ్దం. నిమిషానికి 60 బీట్లు చాలు. ఈ అస్థిపంజరం విన్నప్పుడే కార్డులు మారుతున్నట్టు తెలియాలి. తెలియకపోతే మధ్యలో ఏం నింపినా తెలియదు.

బీ-ఫ్లాట్ టార్గెట్ అయితే నాలుగో బీట్‌కి దారులు ఇవి. ఒక ఫ్రెట్ కింది నుంచి వస్తే ‘ఏ’. ఒక ఫ్రెట్ పై నుంచి వస్తే బీ నాచురల్. స్కేల్‌లోని పక్క మెట్టు నుంచి, అంటే రెండు ఫ్రెట్ల దూరం నుంచి వస్తే సీ. చివరిది బీ-ఫ్లాట్‌కి ఫిఫ్త్ అయిన ఎఫ్. అది పక్కన లేకపోయినా ఫిఫ్త్ నుంచి రూట్‌కి దూకడంలో ఉన్న లాగుడు వల్ల పని చేస్తుంది. ఏది ఎంచుకోవాలన్నది మూడో బీట్‌లో మీరు ఎక్కడున్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. మూడో నోటు టార్గెట్ కంటే పైన ఉంటే పై నుంచి దిగండి, కింద ఉంటే కింది నుంచి ఎక్కండి. పైనున్నవాళ్లు టార్గెట్‌ని దాటి కిందికి వెళ్లి మళ్లీ ఎక్కడం తప్పేమీ కాదు గానీ, ప్రతి బార్‌లో అదే చేస్తే లైన్ తడబడుతున్నట్టు ఉంటుంది.

కర్ణాటక సంగీతం నేర్చుకుని బేస్‌కి వచ్చినవాళ్లకు ఇక్కడ ఒక చిక్కు ఎదురవుతుంది. ఎఫ్‌ని షడ్జమం అనుకుంటే ఎఫ్7 అంటే స, అంతర గాంధారం, ప, కైశికి నిషాదం. బీ నాచురల్ ప్రతి మధ్యమం అవుతుంది, శుద్ధ మధ్యమం మీదికి వెళ్లే ముందు దాన్ని తాకడం అపస్వరంలా తోస్తుంది. ఆ జంకుతో నోటుని మెల్లగా తాకడమో, గమకంలా జార్చడమో చేస్తారు. రెండూ వద్దు. అప్రోచ్ నోటుకి కూడా మిగతా మూడింటితో సమానమైన బలం, సమానమైన నిడివి ఇచ్చి విడిగా మీటాలి. మెల్లగా తాకితేనే అది తప్పులా వినిపిస్తుంది.

ఇప్పుడు ఒక పూర్తి కోరస్, అంటే 12 బార్ల ఒక చుట్టు. జాజ్‌లో సాధారణంగా వాడే ఎఫ్ బ్లూస్ కార్డులే ఇవి. నాలుగు స్ట్రింగుల బేస్, మామూలు ట్యూనింగ్. ఐదో ఫ్రెట్ దాటే అవసరం రాదు. ప్రతి అంకె ఒక బీట్.

```
  F7       Bb7      F7       F7
G|--------|--------|--------|--------|
D|--------|--0-1-2-|3-1-0---|--------|
A|--0-3-2-|1-------|------4-|3-0---0-|
E|1-------|--------|--------|----1---|

  Bb7      Bb7      F7       D7
G|------1-|3-1-0---|--------|--------|
D|--0-3---|------4-|3-1-----|--------|
A|1-------|--------|----3-4-|5-3-----|
E|--------|--------|--------|----5-2-|

  Gm7      C7       F7  D7   Gm7 C7
G|--------|--------|--------|--------|
D|--------|--2-5-4-|3-1---4-|5-------|
A|--0-1-2-|3-------|----5---|--4-3---|
E|3-------|--------|--------|------0-|
```

రెండో బార్‌లో బీ-ఫ్లాట్, డీ, ఈ-ఫ్లాట్, ‘ఈ’ వాయించి మూడో బార్ ఎఫ్ మీద దిగుతున్నాం. డీ ఈ కార్డ్ థర్డ్. అక్కడి నుంచి ఎఫ్ మూడు ఫ్రెట్ల దూరంలో ఉంది, చేతిలో రెండు బీట్లు ఉన్నాయి. అందుకే మధ్యనున్న రెండు నోట్లనీ వరసగా వాడేశాం. దీన్ని డబుల్ క్రోమాటిక్ అంటారు. ఇక్కడ ఎక్కువమంది చేసే పొరపాటు బీ-ఫ్లాట్, డీ, ఎఫ్, ‘ఈ’ అని వాయించి ఎఫ్ మీద దిగడం. కాగితం మీద చూస్తే అదీ కార్డ్ టోన్స్, చివర ఒక అప్రోచ్ నోటే. కానీ మూడో బీట్‌లోనే ఎఫ్ వినిపించేసింది కాబట్టి తర్వాతి బార్‌లో చేరుకోవడానికి ఏమీ మిగల్లేదు. టార్గెట్ నోటుని అదే ఎత్తులో, దానికి ముందున్న రెండు బీట్లలో ముట్టుకోకుండా ఉంటే ఆ లాగుడు నిలుస్తుంది.

మూడు, నాలుగు బార్లలో ఒకే కార్డ్. నాలుగో బార్‌లో కూడా ఎఫ్ మీదే దిగితే కార్డ్ మళ్లీ మొదలైనట్టు ఉంటుంది, లైన్ అక్కడే గిరగిరా తిరుగుతుంది. అందుకని నాలుగో బార్ టార్గెట్‌గా ఫిఫ్త్ అయిన సీని తీసుకున్నాను. ఎఫ్, ఈ-ఫ్లాట్, డీ, డీ-ఫ్లాట్ అని దిగుతూ వచ్చి సీ చేరుతుంది. టార్గెట్ రూటే కానక్కర్లేదు. కార్డ్ మారని చోట ఫిఫ్త్, లేదా థర్డ్ బాగా నప్పుతాయి. కార్డ్ మారే చోట మాత్రం చెయ్యి తిరిగేదాకా రూట్‌నే పట్టుకోండి. అందరూ సోలో మీద దృష్టి పెట్టినప్పుడు పాట ఎక్కడుందో తెలుసుకోవడానికి ఆనుకునేది మీ రూట్‌నే.

నాలుగో బార్ చివరి నోటు దగ్గర కాస్త ఆగండి. అది ‘ఏ’, మూడో స్ట్రింగ్ ఓపెన్. ఎఫ్7కి అది థర్డ్. అదే సమయంలో రాబోయే బీ-ఫ్లాట్‌కి ఒక ఫ్రెట్ కింద ఉంది. కార్డ్ టోన్, అప్రోచ్ నోటు రెండూ ఒకే నోటైన చోటు ఇది. డామినెంట్ సెవెంత్ కార్డ్ నుంచి దాని నాలుగో మెట్టు మీది కార్డ్‌కి వెళ్లే ప్రతిసారీ ఇలాంటి నోటు దొరుకుతుంది, ఆ కార్డ్ థర్డే అది. ఎనిమిదో బార్‌లోనూ అదే జరుగుతుంది. డీ7ని డీ, సీ, ‘ఏ’, ఎఫ్-షార్ప్ అని తలకిందులుగా దించాం. చివరి ఎఫ్-షార్ప్ డీ7 థర్డ్, జీకి ఒక ఫ్రెట్ కింద. అంటే ఆ బార్‌లో కార్డ్ బయటి నోటు ఒక్కటీ లేదు, అయినా లైన్ చక్కగా జీలోకి వెళ్తుంది. మీ ఆర్పెజియోలకూ దీనికీ తేడా నోట్లలో లేదు, వరసలో ఉంది. థర్డ్‌ని రెండో బీట్‌లో ఖర్చు చేయకుండా నాలుగో బీట్‌కి దాచుకున్నాం, అంతే.

ఆరో బార్‌ని మూడో బార్‌తో పోల్చి చూడండి. ఫ్రెట్లు అవే: 3, 1, ఓపెన్, ఆపై పక్క స్ట్రింగ్‌లో 4. స్ట్రింగ్ మాత్రం ఒకటి అటు జరిగింది. ఎఫ్7 మీద వేసిన ఆకారమే బీ-ఫ్లాట్7 మీద వేశాం కాబట్టి వినేవాళ్లకు ఆరో బార్ మూడో బార్‌కి బదులు చెప్పినట్టు ఉంటుంది. కొత్త నోట్లు వెతకడం కన్నా ఇలా ఒక ఆకారాన్ని రెండు చోట్ల వాడటం వల్లే కోరస్ ఒకటిగా నిలుస్తుంది. అయితే అదే ఆకారం మూడోసారి కూడా వస్తే విసుగు పుడుతుంది.

ఐదో బార్‌లో బీ-ఫ్లాట్, డీ, ఎఫ్, ఏ-ఫ్లాట్ అని నేరుగా ఆర్పెజియోనే ఉంది. ఇది పొరపాటున పడింది కాదు. ఆ ఏ-ఫ్లాట్ తర్వాత రెండు ఫ్రెట్లు ఎక్కి పై బీ-ఫ్లాట్ మీద దిగుతున్నాం. పైకి ఎక్కడం కొనసాగింది కాబట్టి ఆర్పెజియో కూడా నడిచింది. కింది బీ-ఫ్లాట్‌కి తిరిగొచ్చి ఉంటే మళ్లీ మీ పాత సమస్యే. ఇందులో ఇంకో మెలకువ ఉంది: అప్రోచ్ నోటు, టార్గెట్ ఒకే ఎత్తులో పక్కపక్కన ఉండాలి. మొదటి బార్ చివర మూడో స్ట్రింగ్ రెండో ఫ్రెట్‌లో బీ నాచురల్ వాయించి, బీ-ఫ్లాట్‌ని మొదటి స్ట్రింగ్ మూడో ఫ్రెట్‌లో పట్టుకుంటే పేరుకి అప్రోచే, చెవికి మాత్రం పెద్ద గెంతు.

ఏడో బార్ వేళ్ల దగ్గర దెబ్బ తీస్తుంది. ఎఫ్, ఈ-ఫ్లాట్ వాయించేటప్పుడు చూపుడు వేలు మొదటి ఫ్రెట్ మీద ఉంటుంది. తర్వాత వచ్చే సీ, సీ-షార్ప్, డీ మూడో స్ట్రింగ్‌లో 3, 4, 5 ఫ్రెట్లు. సీని అలాగే ఉంగరపు వేలితో పట్టుకుంటే ఐదో ఫ్రెట్‌కి వేలు మిగలదు, సరిగ్గా ఎనిమిదో బార్ ఒకటో బీట్‌లో చెయ్యి గబుక్కున జరగాలి. డీ7 రూట్ ఆలస్యమైతే కారణం చాలాసార్లు ఇదే. ఈ-ఫ్లాట్ అవగానే చేతిని ఒక ఫ్రెట్ జరిపి సీని మధ్య వేలితో పట్టుకోండి. అప్పుడు సీ-షార్ప్ ఉంగరపు వేలికి, డీ చిటికెన వేలికి వస్తాయి. ఎనిమిదో బార్ చివరి ఎఫ్-షార్ప్ కూడా అదే చోట చూపుడు వేలి కింద ఉంటుంది.

పదకొండు, పన్నెండు బార్లలో కార్డ్‌కి రెండే బీట్లు. ఇక్కడ నింపడానికి చోటు లేదు. రూట్, అప్రోచ్, రూట్, అప్రోచ్, అంతే. ఎఫ్ తర్వాత ఈ-ఫ్లాట్. అది ఎఫ్7 సెవెంత్, డీకి ఒక ఫ్రెట్ పైన. డీ తర్వాత ఎఫ్-షార్ప్, జీ తర్వాత డీ-ఫ్లాట్, సీ తర్వాత ఓపెన్ ‘ఈ’. చివరిది సీ7కి థర్డ్, మళ్లీ మొదటి బార్ ఎఫ్‌కి ఒక ఫ్రెట్ కింద. కోరస్ ముగిసినట్టు కాకుండా మొదటికి తిరిగి తలుపు తీసినట్టు ఉండేది ఆ ‘ఈ’ వల్లే. ఇది బేస్‌లో అన్నిటికంటే కింది నోటు, సుమారు 41 హెర్ట్జ్. ఫోన్ స్పీకర్‌లోనో ల్యాప్‌టాప్‌లోనో వింటూ సాధన చేస్తే ఇది సన్నగా వినిపిస్తుంది, తెలియకుండానే గట్టిగా కొట్టడం అలవాటవుతుంది. తర్వాత ఆంప్‌లో పెడితే ఆ ఒక్క నోటే దద్దరిల్లుతుంది. ఇయర్‌ఫోన్స్‌తో వినండి.

ఓపెన్ స్ట్రింగులు ఈ లైన్‌ని తేలిక చేస్తాయి, బురద కూడా చేస్తాయి. మూడో బార్‌లో ఓపెన్ డీ తర్వాత పక్క స్ట్రింగ్‌లో డీ-ఫ్లాట్ వస్తుంది. డీ మోగుతూనే ఉంటే ఒక ఫ్రెట్ తేడా ఉన్న రెండు నోట్లు కింది స్థాయిలో కలిసి గరగరలాడతాయి. నోటు తప్పు వేశామేమో అనుకుని చాలామంది అప్రోచ్ నోటునే తీసేస్తారు. నిజానికి చేయాల్సింది డీ-ఫ్లాట్ నొక్కే వేలిని కాస్త వాల్చి, దాని లోపలి వైపుతో పక్కనున్న రెండో స్ట్రింగ్‌ని తాకి ఆపడం. ఆరో బార్‌లో ఓపెన్ జీ, జీ-ఫ్లాట్ దగ్గరా ఇదే. ప్రతి నోటు తర్వాతి నోటు మొదలయ్యేదాకా నిలవాలి, ఆ తర్వాత ఒక్క క్షణం కూడా మిగలకూడదు. 1930ల్లో కౌంట్ బేసీ బ్యాండ్‌లో వాల్టర్ పేజ్ బేస్ నడక అంత తేటగా ఉండటానికి, ఫ్రెడ్డీ గ్రీన్ గిటార్‌తో, జో జోన్స్ డ్రమ్స్‌తో నాలుగు బీట్లూ సమంగా పడటం ఒక పెద్ద కారణం. ఆ రికార్డింగులు వినేటప్పుడు నోట్లు ఏవని కాకుండా నిడివి ఎంతని వినండి.

వాయించే ముందు గిటారిస్టుని గానీ పియానో వాయించేవాళ్లని గానీ ఒక మాట అడగాలి: ఎనిమిదో బార్‌లో డీ7 ఉందా? మామూలు బ్లూస్‌లో ఏడు, ఎనిమిది రెండూ ఎఫ్7, తొమ్మిది సీ7, పది బీ-ఫ్లాట్7, పదకొండు ఎఫ్7, పన్నెండు సీ7. చాలా బ్లూస్ పాటల్లో రెండో బార్‌లోనూ ఎఫ్7 ఉంటుంది. వాళ్లు ఎఫ్7 పట్టుకుని ఉండగా మీరు ఎఫ్-షార్ప్ వేస్తే ఎంత సరిగ్గా వాయించినా తప్పుగానే వినిపిస్తుంది. ఆ రూపానికి ఎనిమిదో బార్‌లో మూడో బార్ లైనే వాడండి, అది సీ మీద దిగుతుంది కాబట్టి తొమ్మిదిలోని సీ7కి సరిపోతుంది. అప్పుడు ఏడో బార్‌ని ఎఫ్, ‘ఏ’, సీ, ‘ఈ’ అని మార్చండి, పై ఎఫ్ నుంచి దిగి మళ్లీ దాని దగ్గరికే వస్తుంది. తొమ్మిదికి సీ, ‘ఈ’, సీ, బీ నాచురల్. పదికి రెండో బార్ లైన్. పదకొండుకి మళ్లీ మూడో బార్ లైన్, పన్నెండుకి సీ, జీ, సీ, చివర ఓపెన్ ‘ఈ’. ఇందులో ఒకే ఆకారం నాలుగుసార్లు వస్తుంది, కాబట్టి ఇది మొదటి రోజుల కోసమే. చెయ్యి కుదిరాక పదకొండుని మీరే మార్చుకోండి.

మెట్రోనోమ్‌ని నాలుగు బీట్లకూ పెట్టకండి. 100 స్పీడ్‌లో వాయించాలంటే 50కి పెట్టి, వినిపించే క్లిక్‌లని రెండు, నాలుగు అని లెక్కపెట్టండి. అప్పుడు ప్రతి అప్రోచ్ నోటూ క్లిక్‌తో కలిసి పడుతుంది, టార్గెట్ మాత్రం మీరే సొంతంగా సమయానికి వేయాలి. ఇందులో ఒక ప్రమాదం ఉంది. లెక్క ఒక బీట్ జారితే అప్రోచ్ నోటు ఒకటో బీట్‌లో పడి, టార్గెట్ రెండులోకి వెళ్లిపోతుంది. అది బయటికి ఎలా వినిపిస్తుందంటే, కార్డ్ ప్రతిసారీ ఆలస్యంగా మారుతున్నట్టు, మీరు వాయించే ఒక్కో ఒకటో బీట్ పుల్లగా ఉన్నట్టు. ఈ లక్షణం కనిపిస్తే నోట్లు మార్చకండి, ఆపి లెక్క సరిచేసుకోండి.

లైన్ కుదిరిందో లేదో చూడటానికి బ్యాకింగ్ ట్రాక్ లేకుండా బేస్ ఒక్కటే రికార్డ్ చేసి, మర్నాడు వినండి. కార్డులు మారడం కళ్లు మూసుకుని చెప్పగలగాలి. ఏదైనా ఒక బార్‌లో తెలియకపోతే ఆ బార్ రెండు, మూడు బీట్లలో కార్డ్ టోన్ ఉందో లేదో చూడండి. అప్రోచ్ నోట్ల రుచి తెలిశాక చాలామంది బార్ అంతా క్రోమాటిక్‌గా నింపేస్తారు. అప్పుడు లైన్ నున్నగా జారుతుంది గానీ ఏ కార్డ్ మీద నడుస్తోందో తెలియదు. పై కోరస్‌లో తొమ్మిదో బార్ ఆ అంచు దగ్గరే ఉంది: జీ, ‘ఏ’, బీ-ఫ్లాట్, బీ నాచురల్. మూడో బీట్‌లో బీ-ఫ్లాట్, అంటే మైనర్ థర్డ్, పడింది కాబట్టి జీ మైనర్ అని తెలుస్తోంది. అది కూడా లేకపోతే ఆ బార్ ఎవరిదీ కాదు.

ఈ కోరస్ 100 దగ్గర నిలబడ్డాక రెండో కోరస్‌ని మీరే రాయండి. ఒకటో బీట్ నోట్లన్నీ అలాగే ఉంచి, ప్రతి నాలుగో బీట్‌లో పై నుంచి వచ్చినచోట కింది నుంచి, కింది నుంచి వచ్చినచోట పై నుంచి రండి. కొన్ని చోట్ల రెండు, మూడు బీట్లు కూడా మారక తప్పదు. ఎక్కడ మారాయో, ఎందుకు మారాల్సి వచ్చిందో ఇక్కడ పెట్టండి, బార్ బార్‌కీ చూద్దాం.